20 నిమిషాల్లో పాసేజీ వాటా ఎంత?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. బీకాం అయ్యాక నంద్యాల హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్ రెండుసార్లు రాశా. రెండుసార్లూ ఇంగ్లీషు సెక్షన్ కటాఫ్ దగ్గరే పోయింది. పెద్ద పాసేజీ చూస్తేనే టెన్షన్. కిందికి వచ్చేసరికి పైన ఏముందో గుర్తుండదు, మళ్ళీ మొదటికి వెళ్తా. టైమ్ పెట్టుకోకుండా చేస్తే 9 ప్రశ్నల్లో 7 కరెక్టు, టైమ్ పెడితే 3. ఒక సారు ముందు ప్రశ్నలు చూడమంటారు, ఇంకో సారు ముందు పాసేజీ చదవమంటారు. స్పీడ్ రీడింగ్ నేర్చుకోవాలా?

జవాబు:

చెల్లెమ్మా, స్పీడ్ రీడింగ్ జోలికి వెళ్ళకు. ముందు ఒక చిన్న లెక్క వేద్దాం, నీ టైమ్ ఎక్కడ కారిపోతోందో అందులో కనబడుతుంది.

ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. పాసేజీ మామూలుగా 400 నుంచి 500 మాటల దాకా ఉంటుంది, దాని మీద ఎనిమిదో తొమ్మిదో ప్రశ్నలు వస్తాయి. ఒక్కోసారి ఒకటి అటూ ఇటూ. 450 మాటలు, 9 ప్రశ్నలు అనుకుందాం. నిమిషానికి 150 మాటల చొప్పున చదివితే 3 నిమిషాల్లో అయిపోతుంది. 150 పెద్ద వేగమేమీ కాదు. పక్కనున్న వాళ్ళకు నింపాదిగా చదివి వినిపించే వేగానికి దగ్గరగా ఉంటుంది. ప్రశ్నకు అర నిమిషం చొప్పున తొమ్మిదింటికి నాలుగున్నర నిమిషాలు. మొత్తం ఏడున్నర. మిగతా 21 ప్రశ్నలకు పన్నెండున్నర నిమిషాలు మిగిలాయి, అంటే ఒక్కోదానికి 35 సెకన్లు. ఖాళీలు పూరించేవి, తప్పులు పట్టేవి ఆ టైమ్‌లో చేయవచ్చు.

అంటే ఒక్కసారి చదివితే మామూలు వేగమే సరిపోతుంది. రెండోసారి చదివితే ఇంకో 3 నిమిషాలు పోతాయి. మూడోసారి మొదలుపెట్టావంటే ఆ సెక్షన్ చేజారినట్టే. నా మొదటి ప్రయత్నంలో ఒక బ్యాంకు పరీక్షలో నేను పాసేజీకి 11 నిమిషాలు పెట్టాను. చదవడానికి పట్టింది నాలుగే. మిగతా ఏడూ ‘ఇది ఎక్కడో చూశానే’ అని పైకీ కిందికీ జరుపుతూ వెతకడానికే పోయాయి. అన్ని నిమిషాలు పెట్టి నాలుగు ప్రశ్నలు చేశాను, అందులో రెండు తప్పు.

టైమ్ లేకుండా 7 కరెక్టు వస్తున్నాయంటే నీ ఇంగ్లీషు ఆ పాసేజీకి సరిపోతోంది. సరిపోనిది వెతుకులాట. కాబట్టి ఒక్కసారే చదివి, ఏది ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకునేలా చదవడమే నువ్వు నేర్చుకోవాల్సిన పని.

ఇద్దరు సార్ల తగాదా తీర్చేద్దాం. కాగితం మీద పరీక్ష అయితే ముందు ప్రశ్నలు చూడడంలో కొంత అర్థం ఉంది, అన్నీ ఒకే పేజీలో కనబడతాయి కాబట్టి. మన పరీక్ష కంప్యూటర్ మీద. ఎడమవైపు పాసేజీ, కుడివైపు ఒకసారికి ఒక్క ప్రశ్నే. తొమ్మిది ప్రశ్నలూ చూడాలంటే తొమ్మిదిసార్లు నొక్కాలి. దానికి ముప్పావు నిమిషమైనా పడుతుంది, తీరా పాసేజీ మొదలుపెట్టేసరికి గుర్తుండేది రెండు. పైగా ఆ రెండింటి జవాబు కోసమే కళ్ళు వెతుకుతుంటాయి, మిగతాది ఎక్కదు. కాబట్టి ముందు పాసేజీయే. ఒకే మినహాయింపు ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక చదవడం. తెలుగు మీడియంలో చదువుకున్న మనకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ విడిగా చెప్పరు. ఈ వాక్యం చూడు. ‘ది ట్రేడర్స్ హూ బై ఎట్ ది ఫామ్ గేట్ అండ్ క్యారీ ది రిస్క్ ఆఫ్ స్పాయిలేజ్ ఛార్జ్ ఎ మార్జిన్.’ ఇందులో బై, క్యారీ, ఛార్జ్ అని మూడు క్రియలున్నాయి. మనసులో తెలుగు చేసుకుంటే ఏమవుతుంది? ‘పొలం దగ్గర కొని, సరుకు కుళ్ళిపోయే నష్టాన్ని నెత్తిన వేసుకునే వ్యాపారులు కొంత మార్జిన్ వేసుకుంటారు’ అవుతుంది. ఇంగ్లీషులో మొదట వచ్చిన వ్యాపారులు తెలుగులో నడిమికి జరిగారు. వాళ్ళ వెనకున్న మాటలన్నీ ముందుకొచ్చాయి. ఒక్కో పెద్ద వాక్యాన్నీ ఇలా తలకిందులు చేసి మళ్ళీ పేర్చుకుంటూ వెళ్తాం. నాలుగో వాక్యానికి బుర్ర అలసిపోతుంది. ‘పైన ఏముందో గుర్తుండదు’ అన్నావే, చాలామందికి అది జ్ఞాపకశక్తి లోపం కాదు, ఈ తిరగేయడం వల్ల వచ్చిన అలసట.

దీనికి మందు, వాక్యాన్ని తెలుగు చేయకుండా అందులో ఎవరు, ఏం చేశారు అన్న రెండు ముక్కలే పట్టుకోవడం. ట్రేడర్స్, ఛార్జ్ ఎ మార్జిన్. అంతే. హూ, విచ్, దట్ అన్న మాట కనబడగానే అక్కడ ఒక తలుపు తెరుచుకుందనుకో. దాని వెంట వచ్చే క్రియలు ఆ గదిలోవి. గది దాటాక వచ్చే క్రియే అసలు వాక్యానిది. రోజుకు పది పెద్ద వాక్యాలు తీసుకుని, ఆ రెండు ముక్కల కింద పెన్సిల్‌తో గీత గీయి. పేపర్లో ఎడిటోరియల్ చదవమని అందరూ చెబుతారు. నన్నడిగితే ఎడిటోరియల్ మొత్తం చదవడం కన్నా అందులో పది వాక్యాలకు ఇలా గీతలు గీయడం నీకు ఎక్కువ పనికొస్తుంది.

రెండో పని, ఒక్కో పేరా అయిపోగానే రఫ్ షీటు మీద రెండు మూడు మాటలు రాయడం. తెలుగులో రాసినా, సగం సగం రాసినా ఫరవాలేదు. నాలుగు పేరాలకు పదిహేను ఇరవై సెకన్ల కంటే పట్టకూడదు. ఇవి నోట్సు కావు, ఏ ప్రశ్నకు ఏ పేరాకు వెళ్ళాలో చూపించే బోర్డులు. ఒక పాసేజీ మీద చేసి చూపిస్తాను. ఇది నేను కల్పించుకున్నదే, పరీక్షలో వచ్చింది కాదు. సారం తెలుగులో పెడుతున్నాను.

మొదటి పేరా: ఒక నెల టమాటా కొనేవాడు లేక రైతు రోడ్డు మీద పారబోస్తాడు, మూడు నెలలు తిరిగేసరికి అదే టమాటా నగరంలో కొనలేని ధరకు చేరుతుంది. మార్కెట్లో గ్లట్ వచ్చినప్పుడు ధర పడిపోతుంది. జనం దీనికంతటికీ దళారుల దురాశే కారణమంటారు.

రెండో పేరా ‘హౌఎవర్’తో మొదలవుతుంది. కొందరు వ్యాపారులు రైతును దోచుకునే మాట నిజమే అయినా, వాళ్ళు వేసుకునే మార్జిన్‌లో కొంత భాగం దారిలో కుళ్ళిపోయే సరుకు నష్టానికి వెల అని రచయిత అంటాడు.

మూడో పేరా: ప్రభుత్వాలు కోల్డ్ స్టోరేజీలు కట్టడమే పరిష్కారమనుకున్నాయి. కానీ ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఆలుగడ్డ కోసం కట్టినవి. ఆలుగడ్డకు సరిపడే చలిలో టమాటా పాడవుతుంది.

నాలుగో పేరా: కిందటి సీజన్ ధర చూసి రైతులు ఈసారి ఎంత వేయాలో నిర్ణయించుకుంటారు, అందుకే ఒకేసారి అందరూ వేస్తారు. ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలు కొంత ఆదుకోగలవు. ‘ఈవెన్ దెన్’, వాటికి గుజ్జు ఎక్కువున్న రకాలు కావాలి, కూరకు పండించే రకాలు అన్నీ పనికిరావు.

నా రఫ్ షీటు మీద ఇలా ఉంటుంది: ‘1 ధర, దళారి? 2 కానీ రిస్కు. 3 చల్లగది ఆలుకి. 4 పోయినేటి ధర, ఫ్యాక్టరీ, రకం.’ ఇంతే.

ఇక్కడ వేగం ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో గమనించు. రైతు రోడ్డు మీద పారబోసిన వర్ణన పరీక్షలో నాలుగు లైన్లు ఉండొచ్చు, అంకెలూ ఊళ్ళ పేర్లూ ఉండొచ్చు. ఉదాహరణ అని తెలియగానే దాన్ని చూపుతో తుడిచేసి ముందుకెళ్ళు. అడిగితే మొదటి పేరాలో ఉందని తెలుసు కదా. హౌఎవర్, బట్, యెట్, ఈవెన్ దెన్ లాంటి మాట కనబడితే మాత్రం బ్రేకు వేయి. రచయిత సొంత మాట చాలావరకు ఆ తర్వాతే ఉంటుంది, ప్రశ్నలూ అక్కడి నుంచే ఎక్కువ పడతాయి. మనలో చాలామంది సరిగ్గా దీనికి ఎదురు చేస్తాం. మొదటి పేరాను ప్రేమగా, నెమ్మదిగా చదివి, టైమ్ చూసి కంగారు పడి, అసలు విషయమున్న చివరి రెండు పేరాలను పరుగెత్తిస్తాం.

ఇప్పుడు ప్రశ్నలు.

గ్లట్ అంటే ఏమిటి? ఆప్షన్లు కొరత, మితిమీరిన సరఫరా, గిరాకీ, నాణ్యత, ఆలస్యం. ఆ మాట నీకు తెలియదనుకో. ఆ ఒక్క వాక్యానికే వెళ్ళు. గ్లట్ వస్తే ధర పడిపోతుందట. కొరత వస్తే, గిరాకీ వస్తే ధర పెరుగుతుంది, అవి పోయాయి. ఆలస్యానికి, నాణ్యతకు అక్కడ పని లేదు. మిగిలింది మితిమీరిన సరఫరా. ఇలాంటి మాటల ప్రశ్నలకు పాసేజీ మొత్తం తెలియాల్సిన పని లేదు. ముందు వీటిని ముగించు.

తర్వాత, రచయిత ప్రకారం కోల్డ్ స్టోరేజీలు టమాటా రైతుకు ఎందుకు ఉపయోగపడలేదు? ఆప్షన్లు: ఒకటి, వాటి సంఖ్య చాలా తక్కువ. రెండు, అద్దె రైతుకు అందదు. మూడు, చాలావరకు వేరే పంట కోసం కట్టినవి. నాలుగు, దళారులు వాటిని గుప్పిట్లో పెట్టుకున్నారు. ఐదు, కరెంటు సరిగ్గా ఉండదు.

చెల్లెమ్మా, ఇక్కడ నీకు ఒక ప్రమాదం పొంచి ఉంది. మీది కర్నూలు జిల్లా. పత్తికొండ వైపు టమాటా ధర పడిపోయిన రోజులు నువ్వు చూసే ఉంటావు. అద్దె అందదు, కరెంటు ఉండదు అంటే ‘నిజమే కదా’ అనిపిస్తుంది. బయట నిజం కావచ్చు, పాసేజీలో లేదు. రఫ్ షీటు చూడు, ‘3 చల్లగది ఆలుకి’. మూడో పేరాకు వెళ్ళి ఒక్క వాక్యం చూసుకుంటే జవాబు మూడో ఆప్షన్ అని ఖాయమవుతుంది. విషయం మనకు బాగా తెలిసిన పాసేజీల్లోనే ఇలాంటి తప్పులు ఎక్కువ జరుగుతాయి. తెలియని విషయం వస్తే మనం పాసేజీనే నమ్ముకుంటాం.

మూడోది, దళారుల గురించి రచయిత అభిప్రాయం ఏమిటి? ఒకటి, ధరల పతనానికి వాళ్ళే ఏకైక కారణం. రెండు, వాళ్ళ తప్పు ఏమాత్రం లేదు. మూడు, వాళ్ళ మార్జిన్‌లో కొంత నష్టభయానికి వెల. నాలుగు, వాళ్ళను తొలగిస్తే రైతుకు మేలు. ఐదు, వాళ్ళు గిట్టుబాటు కాక తప్పుకుంటున్నారు. నాలుగు, ఐదు పాసేజీలో లేనే లేవు. మొదటిది జనం మాట, దాన్ని రచయితకు అంటగట్టారు. ఊగిసలాట అంతా రెండుకీ మూడుకీ మధ్య. నిమిషాలు ఎగిరిపోయేది ఇక్కడే. పాసేజీ మళ్ళీ చదవాలనిపిస్తుంది. చదవకు. ఆప్షన్ చదువు, మాట మాటా విడదీసి చదువు. ‘ఏమాత్రం’ అన్న ఒక్క మాట రెండో ఆప్షన్‌ను చంపేస్తుంది, ఎందుకంటే కొందరు దోచుకుంటారని రచయిత ఒప్పుకున్నాడు. రెండు ఆప్షన్లు ఒకేలా కనబడినప్పుడు తేడా ఎప్పుడూ ఏదో ఒక చిన్న మాటలో ఉంటుంది. ఓన్లీ, ఆల్వేస్, ఎంటైర్లీ లాంటివి ఉన్న ఆప్షన్ సాధారణంగా తప్పు. అలాగని కళ్ళు మూసుకుని కొట్టేయకు, పాసేజీలోనే ఓన్లీ అని ఉంటే అదే రైటు అవుతుంది.

నాలుగోది ఏ, బీ, సీ వాక్యాల్లో ఏవి నిజం అన్న రకం. ఇది అందరినీ భయపెడుతుంది కానీ టైమ్ ఆదా చేసే ప్రశ్న ఇదే. ఏ: కిందటి సీజన్ ధర చూసి రైతులు సాగు నిర్ణయిస్తారు. బీ: ఫ్యాక్టరీలకు ఏ రకం టమాటా అయినా పనికొస్తుంది. సీ: ఆలుగడ్డకు తగిన చలిలో టమాటా పాడవుతుంది. ఆప్షన్లు: ఏ మాత్రమే, బీ మాత్రమే, ఏ సీ, బీ సీ, మూడూ. మూడు వాక్యాలనూ వరసగా పరీక్షించాల్సిన అవసరం లేదు. నీకు బాగా గుర్తున్నది ఏదో దానితో మొదలుపెట్టు. ‘రకం’ అని రాసుకున్నావు కాబట్టి బీ తప్పని తెలుసు. ఒక్క దెబ్బకు బీ ఉన్న మూడు ఆప్షన్లూ పోయాయి. మిగిలిన రెండింటిలోనూ ఏ ఉంది, కనుక ఏని చూడనే అక్కర్లేదు. తేల్చాల్సింది సీ ఒక్కటే, అది మూడో పేరాలో ఉంది. జవాబు ఏ, సీ.

శీర్షిక ఏది బాగుంటుంది, రచయిత ధోరణి ఏమిటి అన్న ప్రశ్నలు చివరికి ఉంచుకో. మిగతావి చేసేసరికి పాసేజీ నీకు ఇంకో విడత పరిచయమై ఉంటుంది. శీర్షికలో చూడాల్సింది ఒకటే, అది ఒక పేరాకే సరిపోతోందా, నాలుగింటినీ కలుపుతోందా అని. ‘కోల్డ్ స్టోరేజీల వైఫల్యం’ మూడో పేరాకే శీర్షిక. ‘భారత వ్యవసాయ సంక్షోభం’ పాసేజీ కన్నా పెద్దది. ‘టమాటా ధర ఎందుకు ఊగుతుంది’ అన్నట్టున్నదే మనకు కావాలి. ‘నాట్ ట్రూ’, ‘ఎక్సెప్ట్’ ఉన్న ప్రశ్నలో ఆ నాట్‌ను రఫ్ షీటు మీద పెద్దగా రాసుకో. నవ్వులాటగా ఉంటుంది కానీ, అది మరిచిపోయి నిజమైనదాన్ని టిక్కు పెట్టి వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది కదా, గెస్ చేయాలా వద్దా అని నువ్వు అడగలేదు కానీ టైమ్ ఒత్తిడిలో అది తప్పకుండా వస్తుంది. లెక్క ఇలా ఉంది. ఐదు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే, ఐదు ప్రశ్నల్లో సగటున ఒకటి తగిలి ఒక మార్కు వస్తుంది, నాలుగు తప్పి ఒక మార్కు పోతుంది. లాభం సున్నా, నష్టం సున్నా, పెట్టిన సెకన్లు మాత్రం దండగ. మూడు ఆప్షన్లు కొట్టేసి రెండు మిగిలితే సంగతి వేరు. అలాంటివి రెండు చేస్తే సగటున ఒక మార్కు వచ్చి పావు పోతుంది, అంటే ముప్పావు మిగులుతుంది. కాబట్టి రెండే మిగిలి, 20 సెకన్లు చూసినా తేలకపోతే ఒకటి పెట్టి కదిలిపో. ఒక్క ఆప్షన్ కూడా కొట్టేయలేకపోతే వదిలేయ్. నీకు టైమ్ పెట్టుకున్నప్పుడు 3 వస్తున్నాయన్నావు, ఆ తప్పయిన ఆరింటిలో ఎన్ని గాభరాలో గుడ్డిగా పెట్టినవో ఒకసారి చూసుకో. అవి వదిలేసినా నీ స్కోరు పెరుగుతుంది.

సెక్షన్‌లో పాసేజీని ఎప్పుడు మొదలుపెట్టాలి? నా అభిప్రాయం, చివర్లో. కానీ చివరంటే మిగిలిన టైమ్‌లో కాదు. తెర మీద గడియారం కిందికి లెక్కిస్తుంది. అది 8 చూపించేసరికి, చేతిలో ఏ ప్రశ్న ఉన్నా వదిలేసి పాసేజీకి వచ్చేయాలి. ముందే పాసేజీతో మొదలుపెడితే ఆపాల్సిన గీత ఉండదు, నా 11 నిమిషాల కథ అలాగే జరిగింది. 20 నిమిషాలు కాగానే కంప్యూటరే తర్వాతి సెక్షన్‌లోకి తోసేస్తుంది, వెనక్కి రానివ్వదు. పారా జంబుల్ ఒకటి మొండికేస్తే దాన్ని అక్కడే వదిలి రావడం నేర్చుకోవాలి. దానికీ ఒకటే మార్కు, గ్లట్‌కూ ఒకటే మార్కు.

ముందు చెప్పిన మినహాయింపు ఇది. పాసేజీకి వచ్చేసరికి 4 నిమిషాలే మిగిలాయనుకో, లేదా రెండు పేరాలు చదివాక కూడా తలా తోకా అందని విషయమనుకో. అప్పుడు పాసేజీ వదిలి ప్రశ్నల్లోకి వెళ్ళు. మాటల అర్థం అడిగినవి ఆ ఒక్క వాక్యంతో చేయి. ఒక పేరో, సంవత్సరమో, పథకమో ఉన్న ప్రశ్న ఉంటే ఆ మాటను పాసేజీలో కళ్ళతో వెతికి దాని ముందూ వెనకా రెండు వాక్యాలు చదివి జవాబు పెట్టు. ఇలా 3 మార్కులు తెచ్చుకోవచ్చు. శీర్షిక, ధోరణి జోలికి వెళ్ళకు.

ప్రాక్టీసు సంగతి. నువ్వు చేస్తున్న పెద్ద పొరపాటు, టైమ్ లేకుండా ఒకటి, పూర్తి ఒత్తిడితో ఒకటి, ఈ రెండే చేయడం. నడుమ మెట్లు లేవు. వచ్చే పది పాసేజీలకు స్టాప్‌వాచ్ పెట్టు, కానీ హద్దు పెట్టకు. ప్రతి పాసేజీకి నోటుబుక్కులో మూడు అంకెలు రాయి: మొదటిసారి చదవడానికి ఎంత పట్టింది, ప్రశ్నలకు ఎంత పట్టింది, పాసేజీలోకి ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళావు. వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ ఏ ప్రశ్న కోసమో దాని నంబరు పక్కన ఒక గీత పెట్టు.

చదవడం అయిపోయాక, ప్రశ్నలు చూడకముందే పాసేజీ మూసేసి, నాలుగు వాక్యాల్లో తెలుగులో నీకు నువ్వే చెప్పుకో. హాస్టల్లో రూమ్మేట్ వింటానంటే ఇంకా మంచిది. చెప్పగలిగి కూడా జవాబులు తప్పాయంటే గొడవ ఆప్షన్ల దగ్గర ఉంది. చెప్పలేకపోతే గొడవ వాక్యాల దగ్గర ఉంది, పైన చెప్పిన గీతల పని ఎక్కువ చేయాలి. రెండింటికీ మందు ఒకటి కాదు, అందుకే ముందు ఈ పరీక్ష. పైన ఏముందో గుర్తుండదన్నావు కాబట్టి నీ ఉత్తరం చూస్తే వాక్యాల దగ్గరే అనిపిస్తోంది, కానీ చూడకుండా చెప్పలేను.

పది అయ్యాక నీ సగటు టైమ్ 12 నిమిషాలు అని తేలిందనుకో, వచ్చే వారం హద్దు 11. జవాబులు తగ్గకుండా వరసగా నాలుగు పాసేజీలు ఆ హద్దులో చేస్తేనే 10కి దిగు. తప్పులు పెరిగితే ఒక మెట్టు వెనక్కి రా. ఏడున్నరకు చేరడానికి నెల పట్టవచ్చు, నెలన్నర పట్టవచ్చు. చదివే టైమ్ మూడు మూడున్నర నిమిషాల దగ్గరే ఉండి, ప్రశ్నల టైమ్ తగ్గుతూ వస్తే సరైన దారిలో ఉన్నట్టు. చదివే టైమ్ రెండు నిమిషాలకు పడిపోయి, గీతలు పెరుగుతున్నాయంటే మళ్ళీ పైపైన చదువుతున్నావని అర్థం.

ఇంకొకటి, ఫోన్‌లో ప్రాక్టీసు చేస్తున్నావేమో చూసుకో. చిన్న తెర మీద పేరాలన్నీ ఒకే రిబ్బన్‌లా కిందికి పోతాయి, ఏ విషయం ఎక్కడుందో కంటికి గుర్తుండదు. కొన్ని మాక్ టెస్టుల్లో `Save & Next` నొక్కగానే ఎడమవైపు పాసేజీ మళ్ళీ మొదటి లైనుకు వచ్చేస్తుంది కూడా. దానికి అలవాటు పడకపోతే ప్రతి ప్రశ్నకూ కిందికి జరుపుకోవడమే ఐదారు సెకన్లు. వారానికి ఒకరోజైనా నెట్ సెంటర్‌లో పెద్ద మానిటర్ మీద, మౌస్‌తో, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకుని చేయి.

పది పాసేజీల లెక్క అయ్యాక ఆ నోటుబుక్కు పేజీ నాకు పంపు. గీతలు ఏ రకం ప్రశ్నల దగ్గర ఎక్కువున్నాయో చూసి మిగతాది అప్పుడు చెబుతాను.